ఒకే మార్కా, గడులు గీసి మార్కులా?

(అనంతపురంలో జరిగిన భాషా ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనం తర్వాత నా పీరియడ్ వేశారు, అందుకని సిద్ధాంతాలు తక్కువ, పేపర్లు ఎక్కువ పెట్టుకుందాం.

పిల్లలు రాసిన దాన్ని దిద్దడానికి మనకు రెండు దారులున్నాయి. మొదటిది, రాసినదంతా ఒక్కసారి చదివి, అది ఏ స్థాయిలో ఉందో చూసి ఒకే మార్కు వేయడం. శిక్షణల్లో దీన్ని హోలిస్టిక్ స్కోరింగ్ అంటారు. రెండోది, విషయానికి ఇన్ని, నిర్మాణానికి ఇన్ని, భాషకు ఇన్ని అని గడులు గీసుకుని విడివిడిగా వేసి కూడడం. ఇది ఎనలిటిక్ స్కోరింగ్. నేను మొత్తం మార్కు, గడుల మార్కు అంటాను, అందరికీ అర్థమవుతుంది.

స్టాఫ్ రూముల్లో ఒక నమ్మకం ఉంది. మొత్తం మార్కు అంటే టీచరు ఇష్టం, గడుల మార్కు అంటే న్యాయం అని. ఈ నమ్మకం సగమే నిజం. అది ఎక్కడ తప్పుతుందో ఒకే ఒక్క అసైన్‌మెంటు పట్టుకుని చూద్దాం. తొమ్మిదో తరగతికి లేఖ ఇచ్చామనుకోండి. "మీ వీధికి కొళాయి నీళ్ళు రావడం లేదు. పంచాయతీ కార్యదర్శికి లేఖ రాయండి." మన జిల్లాలో దీనికి పిల్లలకు ఊహ అవసరం లేదు, అనుభవం చాలు.

రెండు లేఖలు చదువుతాను. నేను అల్లుకున్నవే, కానీ ఇలాంటివి మీ బీరువాలో కట్టలు కట్టలుగా ఉంటాయి. మొదటిది:

"గౌరవనీయులైన పంచాయతీ కార్యదర్శి గారికి, నమస్కారములు. అయ్యా, మా గ్రామంలో నీటి సమస్య తీవ్రంగా ఉన్నది. నీరు ప్రాణాధారము. నీరు లేనిదే జీవకోటి మనుగడ అసాధ్యము. కావున తమరు దయతో మా సమస్యను పరిష్కరించవలసినదిగా ప్రార్థించుచున్నాము. ఇట్లు, తమ విధేయురాలు."

కుడివైపు పైన ఊరు, తేదీ ఉన్నాయి. కింద చిరునామా గడి గీసి ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క తప్పు లేదు.

రెండోది:

"సార్ మా చింతమాను వీధిలో శెనివారం నుండి నీల్లు రాలేదు. బోరు మోటరు కాలిపోయింది అని వాటర్‌మ్యాన్ చెప్పినాడు. ఇరవై ఇండ్లు ఉన్నాయి. మేము రైలుగేటు కాడ తోట బోరుకు పోయి తెచ్చుకొంటాండాము. మోటరు బాగయ్యేదాక పొద్దున ఒక ట్యాంకరు పంపండి."

తేదీ లేదు. చిరునామా లేదు. సంతకం ఉంది కానీ ఏ తరగతో, ఏ ఊరో లేదు. అక్షరదోషాలు మీకు వినబడే ఉంటాయి.

ఇప్పుడు మామూలుగా మనం గీసే గడులతో దిద్దుదాం. పది మార్కులు. విషయానికి 3, లేఖ నిర్మాణానికి 3, భాషకు 2, దోషాలు లేకపోవడానికీ దస్తూరికీ కలిపి 2. మొదటి అమ్మాయికి విషయంలో 1 ఇస్తాం, ఎందుకంటే సమస్య ఉందని చెప్పింది గానీ ఏ వీధో, ఎప్పటి నుంచో, ఏం కావాలో చెప్పలేదు. నిర్మాణం 3, భాష 2, దస్తూరి 2. మొత్తం 8. రెండో పిల్లవాడికి విషయం 3. నిర్మాణం 1, భాష 1, దోషాల గడిలో 1. మొత్తం 6.

ఒక్క మార్కు కూడా మనం అన్యాయంగా వేయలేదు. ప్రతి గడీ సరిగ్గానే ఉంది. కానీ నీళ్ళు తెప్పించే లేఖకు ఆరు, తెప్పించలేని లేఖకు ఎనిమిది వచ్చాయి. కార్యదర్శి గారు మొదటి లేఖ చదివి ఏ వీధికి పోవాలి? రెండో లేఖ చదివితే పోవలసిన చోటు, చేయవలసిన పని రెండూ తెలుస్తాయి.

ఈ తిరకాసు ఎక్కడిదంటే, కూడికలోది. గడుల మార్కులో ఒక గడిలో పోయినది ఇంకో గడిలో పూడ్చుకోవచ్చు. దస్తూరితో విషయాన్ని పూడ్చుకోవచ్చు. లేఖలో అలా పూడ్చుకోవడానికి వీల్లేదు, వీధి పేరు లేని లోటును ఎంత అందమైన చేతిరాతా తీర్చదు. కొన్ని అసైన్‌మెంట్లలో ఈ పూడ్చుకోవడం న్యాయమే. లెక్కల్లో స్టెప్పులకు మార్కులేస్తాం కదా, చివర కూడిక తప్పినా పద్ధతి తెలిసిన పిల్లవాడికి ఆ మేరకు రావాలి. అక్కడ భాగాలు కలిస్తేనే మొత్తం. భాషలో చాలాసార్లు అలా కాదు.

సరే, బరువులు మారుద్దాం అంటారు మీలో కొందరు. మార్చి చూద్దాం. విషయానికి 5, నిర్మాణానికి 2, భాషకు 2, దోషాలకు 1. మొదటి లేఖకు విషయంలో ఉదారంగా 2 ఇద్దాం. 2, 2, 2, 1, మొత్తం 7. రెండో లేఖకు విషయం 5, నిర్మాణం 1, భాష 1, దోషాల గడిలో అర. మొత్తం ఏడున్నర. సగం మార్కులు విషయానికే పెట్టినా తేడా అర మార్కే వచ్చింది. బరువులు మార్చడం వల్ల రోగం తగ్గింది గానీ పోలేదు.

పోవాలంటే ఒక గేటు పెట్టాలి. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం కావాలి, ఈ మూడింటిలో ఏదైనా రెండు లేకపోతే మిగతా గడుల్లో ఎన్ని వచ్చినా మొత్తం 5 దాటకూడదు అని ముందే రాసి పెట్టుకోవడం. ముందే అంటే అసైన్‌మెంటు ఇచ్చిన రోజే, బోర్డు మీద. దిద్దేటప్పుడు గుర్తొచ్చి పెట్టే గేటు పిల్లలకు అన్యాయం.

లేదా గడులే వద్దు అనుకుని మొత్తం మార్కుకు పోవచ్చు. దానికి కూడా ప్రశ్న కావాలి, ఊరికే 'బాగుందా లేదా' అని చదివితే చాలదు. ఈ లేఖకు నా ప్రశ్న ఇది: దీన్ని చదివిన కార్యదర్శి రేపు పొద్దున మనిషిని పంపగలరా? నాలుగు స్థాయిలు పెట్టుకుందాం. ఇంకేమీ అడగకుండా పంపగలిగితే నాలుగు. ఒకటి రెండు సంగతులు ఫోన్ చేసి కనుక్కుని పంపగలిగితే మూడు. సమస్య ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడో ఏమిటో తెలియకపోతే రెండు. ఏం అడుగుతున్నారో కూడా తెలియకపోతే ఒకటి. మన మొదటి లేఖ రెండులో పడుతుంది. రెండోది మూడులో, ఎందుకంటే ఏ ఊరి చింతమాను వీధో అడగాలి, ఏ శనివారమో అడగాలి. తేదీ ఎందుకు వేయమంటామో ఆ పిల్లవాడికి ఇక్కడ తెలుస్తుంది.

ఇలా ఒక రచన చేయవలసిన అసలు పని ఏమిటో దాన్ని బట్టే స్థాయి నిర్ణయించడాన్ని ప్రైమరీ ట్రెయిట్ స్కోరింగ్ అంటారు. 1970ల్లో అమెరికాలో జాతీయ స్థాయి విద్యా పరీక్షల కోసం తయారైన పద్ధతి ఇది. మొత్తం మార్కుకు దగ్గరి బంధువే, కాకపోతే ప్రతి అసైన్‌మెంటుకూ కొత్త ప్రశ్న రాసుకోవాలి.

(వెనుక వరుస నుంచి: "సార్, స్థాయి చెప్పినా టీచరు టీచరుకూ మారదా?")

మారుతుంది మేడమ్. ఎంత మారుతుందో 1961లోనే తేల్చారు. డీడెరిక్, ఫ్రెంచ్, కార్ల్‌టన్ అని ముగ్గురు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థులు రాసిన 300 వ్యాసాలను 53 మందికిచ్చి తొమ్మిది కుప్పలుగా పెట్టమన్నారు. ఆ 53 మందిలో టీచర్లే కాదు, సంపాదకులు, లాయర్లు, వ్యాపారస్థులు కూడా ఉన్నారు. మూడో వంతు వ్యాసాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని గ్రేడ్లూ వచ్చాయి. ఏ ఒక్క వ్యాసానికీ అయిదు కంటే తక్కువ రకాల గ్రేడ్లు రాలేదు. ఇది చూపించి మొత్తం మార్కు పనికిరాదని వాదించేవాళ్ళున్నారు. కానీ ఆ చదివినవాళ్ళకు కొలత ఏదీ ఇవ్వలేదన్న సంగతి వదిలేస్తారు. కావాలనే ఇవ్వలేదు, ఎవరి మనసులో ఏ కొలత ఉందో చూడటానికి. ఒకరు ఆలోచనలు చూశారు, ఒకరు అమరిక, ఒకరు తప్పులు, ఇంకొకరు పదాల ఎంపిక. తర్వాత్తర్వాత పరీక్షల సంస్థలు ఆ రోగానికి మందు కనిపెట్టాయి. ప్రతి స్థాయికీ వర్ణన రాసి, నమూనా పేపరు చూపించి, ముందు అందరిచేత అదే పేపర్లు దిద్దించి, తేడాలు మాట్లాడుకున్నాక అసలు పేపర్లు ఇవ్వడం. జీఆర్ఈలో వ్యాసానికి సున్నా నుంచి ఆరు వరకు ఒకే మార్కు వేస్తారు. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు అంశాలకు విడివిడిగా వేసి సగటు తీస్తారు. రెండూ పెద్ద పరీక్షలే, రెండు దారులూ నడుస్తున్నాయి.

మన బడిలో దీన్ని ఎలా చేయాలో చెప్తాను. నలభై లేఖల కట్ట ముందు పెట్టుకోండి. పెన్ను మూసి పక్కన పెట్టండి, అది చేతిలో ఉంటే కన్ను తప్పుల మీదికే పోతుంది. పేర్లు కనబడకుండా మొదటి పేజీ అంచు మడవండి. ఓ పది లేఖలు మార్కు వేయకుండా చదివి, స్థాయికి ఒకటి చొప్పున నాలుగు నమూనాలు ఎంచుకుని బల్ల మీద పరచండి. మిగతా లేఖలు ఒక్కొక్కటి ఒకసారే చదివి, అది ఏ నమూనాకు దగ్గరగా ఉంటే ఆ కుప్పలో వేయండి. చాలా మంచి లేఖ చదివిన వెంటనే వచ్చిన మామూలు లేఖ అధ్వానంగా కనిపిస్తుంది, అందుకే పక్కనున్న లేఖతో కాకుండా నమూనాతోనే పోల్చాలి. అంతా అయ్యాక ఒక్కో కుప్పను విడిగా తిరగేయండి. కుప్పలో ఇమడనిది వెంటనే కళ్ళకు కొడుతుంది. స్థాయిలు నాలుగో ఆరో ఉండాలి, అయిదు వద్దు. అయిదు పెడితే అనుమానం వచ్చిన ప్రతి పేపరూ మూడులోకి జారుతుంది.

పక్క బడి టీచరుతో ఓ పది పేపర్లు మార్చుకుని దిద్దించండి. స్థాయి ఒకటే వచ్చినా, ఒకటి అటూఇటూ అయినా పర్వాలేదు. రెండు స్థాయిలు తేడా వచ్చిందంటే మీ వర్ణనలో లోపం ఉన్నట్టే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. చాలాసార్లు ఆ పేపరు మన యాసలో రాసినదై ఉంటుంది. 'తెచ్చుకొంటాండాము' అన్నదాన్ని ఒకరు తప్పు అంటారు, ఇంకొకరు అనరు. నా మటుకు, ఆఫీసుకు రాసే లేఖలో 'తెచ్చుకుంటున్నాము' అని నేర్పిస్తాను, అలాగని దాన్ని 'నీల్లు' పక్కన తప్పుల లెక్కలో వేయను. అది యాస, ఇది దోషం.

ఇక గడుల దారిలో ఇంకో గొయ్యి ఉంది, ఇది బయటికి కనబడదు. పేపరు చదవగానే మనసులో 'ఏడు' అనుకుంటాం. ఆ తర్వాత గడులు నింపుతాం, కూడితే ఏడొచ్చేటట్టు. దస్తూరి బాగుంటే విషయం గడి కూడా పెరుగుతుంది. తెలివైన పిల్లగా పేరున్న అమ్మాయికి అన్ని గడులూ నిండుతాయి. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త దీన్ని సైన్యంలో గమనించాడు. కింది వాళ్ళ శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడి విడివిడిగా అంచనా వేయమంటే, ఒకదానిలో మంచి మార్కు వేసిన అధికారులు మిగతావాటిలోనూ వేసుకుంటూ పోయారు. హేలో ఎఫెక్ట్ అంటారు దాన్ని.

మీ దగ్గర ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. రిజిస్టరు తీసి గడులను అడ్డంగా చూడండి. ప్రతి పిల్లకూ నాలుగు గడులూ కలిసి పెరిగి కలిసి తగ్గుతూ ఉంటే, విషయంలో పూర్తి మార్కులొచ్చి నిర్మాణంలో సున్నా వచ్చినవాళ్ళు ఒక్కరూ లేకపోతే, మీరు నాలుగు మార్కులు వేయడం లేదు. ఒకే మార్కును నాలుగు చోట్ల రాస్తున్నారు. అప్పుడు గడులకు పెట్టిన సమయమంతా వృథా. మన చింతమాను వీధి పిల్లవాడిలాంటి వాళ్ళు ప్రతి తరగతిలో ఉంటారు, వాళ్ళు రిజిస్టరులో కనబడాలి.

దీనికి ఉపాయం, పేపరు తర్వాత పేపరు కాకుండా గడి తర్వాత గడి దిద్దడం. ముందు అందరి లేఖల్లోనూ విషయం గడి ఒక్కటే వేయండి. కట్ట తిప్పి పెట్టి, మరుసటి రోజు నిర్మాణం గడి. అప్పుడు ఒక్కో చదువు చాలా త్వరగా అవుతుంది, నిర్మాణం చూడటానికి లేఖ చదవక్కర్లేదు, చూస్తే చాలు. అయినా మొత్తం మీద సమయం ఎక్కువే పడుతుంది, అది దాచను. నాలుగు సెక్షన్లు చెప్పే టీచరు ప్రతి రచననూ గడుల్లో దిద్దడం కుదిరే పని కాదు.

అందుకని ఎప్పుడు ఏది అన్నదానికి వద్దాం. నేను ఒకటే అడుగుతాను: ఈ పేపరు ఇచ్చేశాక పిల్లవాడు దాంతో ఏం చేస్తాడు? తిరిగి రాస్తాడంటే గడులు కావాలి. మూడో స్థాయి అని మాత్రమే చెబితే ఆ పిల్లవాడికి తేదీ, ఊరు పేరు లేవని తెలియదు. కానీ తిరిగి రాయించే ప్రతిలో గడులు కూడవద్దు. విషయం గడిలో మూడుకు మూడు, నిర్మాణంలో ఒకటి అని వదిలేయండి. కింద 6 అని రాశారో, వాడు ఆరే చూస్తాడు, గడులు చూడడు, పక్కవాడి ఎనిమిదితో పోల్చుకుని పుస్తకం మూసేస్తాడు. కూడకుండా ఇస్తే ఏ గడి ఖాళీగా ఉందో అక్కడికి పోతాడు. మన మొదటి అమ్మాయి కూడా, ఎప్పుడూ ఎనిమిది చూసి తృప్తిపడే పిల్ల, విషయం గడిలో ఒకటి చూస్తుంది. తిరిగి రాసిన తుది ప్రతికి మాత్రం గడులు మానేసి, కార్యదర్శి మనిషిని పంపగలరా అన్న ప్రశ్నతో ఒకే మార్కు. ఒకే అసైన్‌మెంటుకు రెండు దారులూ, రెండు వేర్వేరు రోజుల్లో.

తిరిగి రాయించే ఉద్దేశం లేదు, స్థాయి తెలిస్తే చాలు అనుకుంటే మొదటి నుంచీ మొత్తం మార్కే మేలు. ఏడాది మొదట్లో కొత్త తరగతి ఏ స్థాయిలో ఉందో చూసుకోవడానికి వ్యాసం రాయిస్తాం, దానికి గడులెందుకు? ప్రాజెక్టు పని సంగతి వేరు. నలుగురు కలిసి చేసేది కాబట్టి ఎవరు ఏం చేశారో విడిగా కనబడాలి, అక్కడ గడులు తప్పవు.

ఒక్క కథ రాయించడం దగ్గర మాత్రం నేను మొండిగా ఉంటాను. కథకు గడులు గీయవద్దు. ప్రారంభానికి 2, సంఘటనలకు 3, ముగింపుకు 2, నీతికి 1 అని గీసిన పట్టికలు నేను చూశాను. ఎనిమిదో తరగతి పాప ఇలా మొదలుపెట్టిందనుకోండి: "ఆ పొద్దు మా అవ్వ పొయ్యి ముట్టించలేదు." తర్వాత రెండు పేరాల్లో ఇల్లు, కుక్క, గడప దగ్గర వరుసగా వచ్చి నిలబడిన చుట్టుపక్కలవాళ్ళు. అవ్వ పోయిందన్న మాట ఎక్కడా లేదు, నీతి లేదు, చివరి వాక్యం కుక్క గురించి. పట్టిక ప్రకారం ముగింపుకు సున్నా, నీతికి సున్నా. ఆ గడులు గీసిన పాపానికి ఆ పిల్లకు అయిదు వేయాలి. ఇంకా ఘోరమేమిటంటే, గడులు ముందే చెప్పిన తరగతిలో వచ్చే కథలన్నీ 'అనగనగా'తో మొదలై 'కావున మనం' అని ముగుస్తాయి. గడి ఏది అడిగితే పిల్లలు అదే ఇస్తారు. కథకు నాలుగు కుప్పలు, నాలుగు నమూనాలు, ఒకే మార్కు. ఆ కథలో వాక్యం ఎక్కడ కుంటుతోందో చెప్పాలనుకుంటే పక్కన రెండు మాటలు రాయండి, మార్కుతో చెప్పకండి.

(ముందు వరుస నుంచి: "రిజిస్టరులో పదికే వేయాలి కదా సార్, నాలుగు స్థాయిలు ఎలా మార్చాలి?")

నాలుగు భాగాలు చేసి రెండున్నర, అయిదు, ఏడున్నర అని మార్చవద్దు సార్. రెండో స్థాయి అంటే సగం నీళ్ళు తెప్పించే లేఖ కాదు కదా. ఒక్కో స్థాయికి ఏ మార్కు తగునో మీ సబ్జెక్టు టీచర్లు కలిసి ముందే అనుకోండి. నేను నాలుగుకు తొమ్మిదో పదో, మూడుకు ఏడో ఎనిమిదో, రెండుకు అయిదు, ఒకటికి మూడు వేస్తాను. పై రెండు స్థాయిల్లో ఒక్క మార్కు వెసులుబాటు ఉంచుకుంటాను, అక్కడే భాష, దస్తూరి లాంటివి లెక్కలోకి వస్తాయి. చింతమాను వీధి పిల్లవాడికి ఏడు, పక్కన అమ్మాయికి అయిదు.

(అదే గొంతు: "తల్లిదండ్రులు వచ్చి అయిదెందుకు అంటే? గడులుంటే చూపించొచ్చు.")

నిజమే, గడులుంటే నోరు మూయించడం తేలిక. కానీ ఆ అమ్మాయి నాన్న వస్తే నేను నాలుగు నమూనా లేఖలు, పేర్లు తీసేసి తిరగరాయించినవి, ఆయన ముందు పెడతాను. "అన్నా, నువ్వే పంచాయతీ కార్యదర్శివి అనుకో, నీ బిడ్డ లేఖ చదివి మనిషిని ఏ వీధికి పంపుతావు?" అని అడుగుతాను. చదువురాని తల్లయితే నేనే చదివి వినిపిస్తాను. ఆ నమూనాల కట్ట మార్కుల రిజిస్టరుతో పాటే బీరువాలో ఉండాలి, ఏడాది ఆఖరుదాకా.